ఇవ్వాల్సింది, ఇచ్చింది: శ్లాబు కమీషన్ షీటు డైరీ

మొదటి రోజు, మార్చి మధ్య

ఫీల్డ్ స్టాఫ్ పద్నాలుగు మంది. నెల అమ్మకాల షీటు చూసి ఎవరి కమీషన్ ఎంతో లెక్కగట్టే పని ఈ నెల నుంచి నాకు వచ్చింది. ఇప్పటిదాకా కాలిక్యులేటర్ మీద, కాగితం మీద చేస్తూ వచ్చారు. ఇద్దరు మనుషులు చెరి సగం పంచుకుని చేసేవాళ్ళు. అందులో ఒకరు ఉద్యోగం మానేశారు. ఈ లెక్కంతా షీటులోకి తెచ్చి, ఎవరు అడిగినా వరుస వరుసా చూపించగలిగేలా చెయ్యాలని కూర్చున్నాను.

చేతిలో ఉన్న నిబంధన ఒక్క పేజీ. పన్ను లేకుండా నెల అమ్మకం లక్ష వరకు 2 శాతం, లక్ష పైన రెండున్నర లక్షల వరకు 3 శాతం, రెండున్నర పైన అయిదు లక్షల వరకు 4 శాతం, అయిదు లక్షలు దాటితే 5 శాతం. చదవగానే అంతా తేటగా ఉన్నట్టే అనిపించింది. ఫార్ములా రాయడానికి పూనుకున్నాకే అనుమానం వచ్చింది. రెండు లక్షల యాభై ఆరు వేలు అమ్మినవాళ్ళకు 4 శాతం మొత్తం అమ్మకం మీదా, లేక రెండున్నర లక్షలు దాటిన ఆ ఆరు వేల మీదేనా? ఆ పేజీలో ఈ సంగతి లేదు.

మొత్తం మీద అయితే 10,240 రూపాయలు. శ్లాబుల వారీగా అయితే మొదటి లక్షకు 2,000, తర్వాతి లక్షన్నరకు 4,500, మిగిలిన ఆరు వేలకు 240, కలిపి 6,740. తేడా 3,500. ఒక మనిషి నెల కమీషన్లో మూడో వంతు పైగా ఒక్క వాక్యం రాయకపోవడం మీద ఆధారపడి ఉంది.

రెండో రోజు

ఇన్నాళ్ళూ ఏ పద్ధతిలో ఇచ్చారో ఎవర్ని అడిగినా "శ్లాబు ప్రకారమే" అంటున్నారు. రెండు పద్ధతులూ శ్లాబు ప్రకారమే కాబట్టి ఆ జవాబుతో పని జరగదు. అందుకని డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఇచ్చిన చెల్లింపులు తీసి, ఒక్కో మొత్తాన్ని ఆ నెల అమ్మకంతో భాగించాను. వచ్చిన శాతం సరిగ్గా 3 అనో 4 అనో తేలితే మొత్తం అమ్మకం మీద ఇచ్చినట్టు. 2.63 లాంటి సంఖ్య వస్తే శ్లాబుల వారీగా ఇచ్చినట్టు.

నలభై రెండు చెల్లింపుల్లో తొమ్మిది లక్షలోపు అమ్మకాలవి. అక్కడ ఏ పద్ధతిలో అయినా 2 శాతమే వస్తుంది కాబట్టి అవి ఏమీ చెప్పవు. మిగతా ముప్పై మూడింట్లో ఇరవై రెండు శ్లాబుల వారీగా, పదకొండు మొత్తం మీద ఇచ్చారు. ఆ పదకొండూ ఒకే మనిషి చేతిరాతలో ఉన్నాయి. అంటే ఒకే ఊళ్ళో, ఒకే సరుకు అమ్మే ఇద్దరికి, వాళ్ళ కాగితం ఎవరి బల్ల మీదకు వెళ్ళిందన్నదాన్ని బట్టి కమీషన్ మారిపోయింది. ఎవరూ కావాలని చేసింది కాదు. కానీ ఇది చూశాక ఆ రోజు మరో పని చెయ్యబుద్ధి కాలేదు.

నాలుగో రోజు

మేనేజరు ముందు రెండు లెక్కలూ పెట్టాను. ఏది మంచిదో వాదించలేదు, సరిహద్దు దగ్గర ఏం జరుగుతుందో మాత్రం చూపించాను. మొత్తం మీద ఇచ్చే పద్ధతిలో 2,49,000 అమ్మినవాళ్ళకు 7,470 వస్తుంది, 2,56,000 అమ్మినవాళ్ళకు 10,240. ఏడు వేల అమ్మకానికి 2,770 కమీషన్. నెలాఖరున గీతకు కొంచెం ఇవతల ఉన్న మనిషి ఏం చేస్తాడు? తెలిసిన షాపతన్ని బతిమాలి పది వేల సరుకు దింపి వస్తాడు. అది పై నెల వాపసు వస్తుంది. శ్లాబుల వారీ పద్ధతిలో అదే ఏడు వేలకు వచ్చేది 270. గీత దగ్గర గోడ ఉండదు, చిన్న మెట్టు ఉంటుంది.

ఏప్రిల్ అమ్మకాల నుంచి అందరికీ శ్లాబుల వారీగానే అని నిర్ణయమైంది. మార్చి చివరి వరకు పాత తీరే సాగుతుంది. ఏప్రిల్ మొదలు కాకముందే అందరికీ రాతపూర్వకంగా చెప్పాలని నేను గట్టిగా అడిగాను. నెల గడిచాక రేటుకు అర్థం మార్చడమంటే, పని చేయించుకుని కూలి బేరమాడినట్టే. ఎక్కువ అందుకున్నవాళ్ళ దగ్గర వెనక్కి తీసుకోవడం ఉండదని కూడా అదే కాగితంలో రాయించాను.

మధ్యాహ్నం F07 కోడ్ ఉన్న అన్న ఆఫీసుకు వచ్చారు. ఫిబ్రవరిలో 2,56,000 అమ్మింది ఆయనే.

"ఏమ్మా, కొత్త లెక్కలో నాకు మూడు వేల అయిదొందలు పోతుందంట?"

"ఏప్రిల్ నుంచి అంత అమ్మితే 6,740 వస్తుందన్నా. ఫిబ్రవరిది మీకు ఇచ్చింది ఇచ్చిందే."

"తర్వాత ఎప్పుడో కోయరు కదా?"

"కోయం. కాగితంలో రాసుంది."

ఆయన కాగితం చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆరో రోజు

ఫార్ములా. శ్లాబులకు మెట్లు మెట్లుగా IF లు రాయొచ్చు గానీ, నాలుగు శ్లాబులకే అది చదవడానికి వీల్లేకుండా తయారవుతుంది. రేటు మారినప్పుడు ఎక్కడో ఒక చోట మార్చడం మర్చిపోతాం. అందుకే Slabs అనే షీటులో చిన్న పట్టిక పెట్టాను. A కాలమ్‌లో ఏ మొత్తం దాటితే ఈ శ్లాబు మొదలవుతుందో ఆ అంకె: 0, 100000, 250000, 500000. B లో రేటు. C లో కింది శ్లాబు రేటు కంటే ఇది ఎంత ఎక్కువో ఆ తేడా: 2%, 1%, 1%, 1%.

```
=SUMPRODUCT((C2>Slabs!$A$2:$A$5)*(C2-Slabs!$A$2:$A$5)*Slabs!$C$2:$C$5)
```

C2 లో ఆ మనిషి ఆ నెల నికర అమ్మకం. దీని వెనక ఉన్న ఆలోచన తేలికే. అమ్మకం మొత్తానికీ ముందు 2 శాతం ఇచ్చేస్తాం. లక్ష దాటిన భాగానికి ఇంకో 1 శాతం కలుపుతాం. రెండున్నర దాటిన భాగానికి మరో 1 శాతం. 2,56,000 కు 5,120, దాని మీద లక్షా యాభై ఆరు వేలకు 1,560, ఆరు వేలకు 60. మొత్తం 6,740. మొన్న కాగితం మీద వేరే దారిలో వేసినప్పుడు వచ్చిందీ ఇదే.

సరిహద్దు అంకెలు కూడా వేసి చూశాను. లక్షకు 2,000, రెండున్నరకు 6,500, అయిదుకు 16,500, ఆరుకు 21,500 రావాలి, వచ్చాయి. "వరకు", "పైన" అన్న మాటల గొడవ కూడా ఈ పద్ధతిలో పోయింది. సరిగ్గా లక్ష దగ్గర దాటిన భాగం సున్నా కాబట్టి ఆ సెల్‌లో > పెట్టినా >= పెట్టినా ఒకటే. పైసల సర్దుబాటు చివరి మొత్తం దగ్గర ఒక్కసారే చేస్తున్నాను.

తొమ్మిదో రోజు

ఈ రోజు మూడు గంటలు పోయాయి, కానీ పోవాల్సినవే.

పాత నెలల బిల్లులన్నీ ఒకే పొడుగాటి Sales షీటులోకి చేర్చాను. తేదీ, బిల్లు నంబరు, స్టాఫ్ కోడ్, పార్టీ, మొత్తం. వాపసు వచ్చిన సరుకు మైనస్ గుర్తుతో. ఒక్కొక్కరి మొత్తం SUMIFS తో తీసి, అందరివీ కూడి, షీటు అడుగున ఉన్న మొత్తంతో పోల్చాను. సరిపోయింది. సంతోషంగా పక్కన పెట్టబోతూ, అలవాటు కొద్దీ ఒక మనిషి బిల్లులు చేత్తో కూడితే పన్నెండు వేలు తేడా వచ్చింది.

ఒక బిల్లు మొత్తం అంకెలా కనపడుతోంది గానీ షీటు దృష్టిలో అది అక్షరాలు. బిల్లింగ్ ప్రోగ్రాం నుంచి కాపీ చేసినప్పుడు వెనకాల కనపడని ఖాళీ ఒకటి అతుక్కుని వచ్చింది. SUMIFS అలాంటి సెల్‌ను ఏ తప్పూ చూపించకుండా వదిలేస్తుంది. అడుగున ఉన్న SUM కూడా వదిలేస్తుంది. రెండూ ఒకే తప్పు చేస్తే రెండూ సరిపోతాయి! నేను నమ్ముకున్న తనిఖీకి ఈ తప్పు ఎప్పటికీ దొరకదు. అందుకే ఇంకో తనిఖీ పెట్టాను:

```
=COUNTA(E2:E2000)-COUNT(E2:E2000)
```

ఇది సున్నా కాకపోతే ఏదో ఒక సెల్‌లో అంకె కానిది ఉన్నట్టు. ఆ ఖాళీ మామూలు ఖాళీ కాదు, TRIM కు లొంగదు. `SUBSTITUTE(E2,CHAR(160),"")` తో తీసేసి VALUE తో అంకెగా మార్చాక పోయింది. బిల్లింగ్ ప్రోగ్రాం ఇచ్చే మొత్తంతో కూడా ఇప్పుడు పోలుస్తున్నాను, ఎందుకంటే అది నా షీటు బయటి నుంచి వచ్చే అంకె.

పన్నెండో రోజు

వాపసులు. ఈ ప్రాజెక్టులో నిజంగా కష్టమైనది ఇదే.

ఫిబ్రవరిలో అమ్మిన సరుకు మార్చిలో వాపసు వస్తుంది. ఇప్పటిదాకా దాన్ని మార్చి అమ్మకంలోంచి తీసేసేవాళ్ళు. ఇది తేలిక, సబబుగానే కనపడుతుంది కూడా. కానీ శ్లాబులున్న చోట ఏ నెలలోంచి తీశామన్నదాన్ని బట్టి డబ్బు మారుతుంది.

F07 అన్న లెక్కే తీసుకున్నాను. ఫిబ్రవరి 2,56,000. అందులో ఒక బిల్లు, 20,000, మార్చిలో వాపసు. మార్చిలో ఆయన అమ్మింది 1,10,000. మార్చిలోంచి తీస్తే 90,000 మిగులుతుంది, కమీషన్ 1,800. తీయకపోతే 2,300 వచ్చేది. అంటే ఆ వాపసుకు కోత 500. కానీ ఆ ఇరవై వేలు ఫిబ్రవరిలో ఎంత సంపాదించాయి? అవి లేకుంటే ఫిబ్రవరి 2,36,000, కమీషన్ 6,080. అంటే వాటి వల్ల వచ్చింది 660. కంపెనీ 160 నష్టపోయింది.

ఇక్కడ ఆగిపోతే ఇది కంపెనీ డబ్బు కాపాడే విషయంలా ఉంటుంది. తిప్పి చూడాలి. మార్చిలో ఆయన ఆరు లక్షలు అమ్మి ఉంటే అదే వాపసు 5 శాతం శ్లాబులోంచి పోయేది, కోత 1,000. సంపాదించింది 660, పోగొట్టుకున్నది 1,000. బాగా అమ్మిన నెలలోనే ఆయనకు 340 దెబ్బ. ఏ రేటుకు ఇచ్చామో ఆ రేటుకే వెనక్కి తీసుకోవాలి, ఒక్క రూపాయి అటూ ఇటూ కాకుండా. దానికి ఒకటే దారి: వాపసును అసలు బిల్లు నెలలోకి తీసుకెళ్ళి, ఆ నెలను మళ్ళీ లెక్కగట్టడం.

వాపసు వరుసలో F కాలమ్‌లో అసలు బిల్లు నంబరు రాస్తున్నాం. G లో లెక్కకు పట్టే తేదీ, H లో నెల:

```
G2: =IF(E2>=0,A2,INDEX(A:A,MATCH(F2,B:B,0)))
H2: =YEAR(G2)*100+MONTH(G2)
```

స్టాఫ్ కోడ్‌కు కూడా ఇదే చెయ్యాల్సి వచ్చింది. జనవరిలో ఒక ఏరియా ఒకరి నుంచి ఇంకొకరికి మారింది. ఆ ఏరియా షాపుల పాత వాపసులన్నీ కొత్తగా వచ్చిన అబ్బాయి కోడ్ కింద పడుతున్నాయి. అతను అమ్మని సరుకుకు, అందుకోని కమీషన్‌కు కోత. ఇప్పుడు వాపసుకు కోడ్ కూడా అసలు బిల్లు నుంచే వస్తుంది.

అసలు బిల్లు నంబరు తప్పు రాస్తే G లోనూ H లోనూ #N/A పడుతుంది. SUMIFS ఆ వరుసను ఏ నెలకూ చెందనిదిగా వదిలేస్తుంది, వాపసు లెక్కలోంచి మాయమవుతుంది. ఈ తప్పును మాత్రం పాత మొత్తాల తనిఖీ పట్టుకుంటుంది, ఎందుకంటే E కాలమ్ మొత్తంలో ఆ అంకె ఉంటుంది, మనుషుల మొత్తాల్లో ఉండదు.

పదిహేనో రోజు

పాత నెల మళ్ళీ లెక్కగడితే వచ్చిన తేడాను ఎలా ఇవ్వాలి, ఎలా తీసుకోవాలి? మొదట "పాత సర్దుబాట్లు" అని వేరే కాలమ్ పెట్టబోయాను. నెలకో కాలమ్ పెరుగుతుంది, ఏ సర్దుబాటు ఇప్పటికే చేశామో గుర్తుండదు. రాత్రి కాగితం మీద రాసుకుంటుంటే అసలు విషయం ఎంత చిన్నదో తెలిసింది. ఇప్పటివరకు అన్ని నెలలకూ కలిపి ఇవ్వాల్సిందెంత, ఇప్పటివరకు ఇచ్చిందెంత. ఆ తేడాయే ఈ నెల చెల్లింపు.

Earned షీటులో మనిషికి నెలకు ఒక వరుస, ఎప్పటికప్పుడు మళ్ళీ లెక్కగట్టేది. Paid షీటులో చెల్లించిన ప్రతి మొత్తం అంకెగా టైపు చేసింది, ఫార్ములా ఒక్కటి కూడా ఉండదు.

```
=MAX(0,SUMIFS(Earned!$D:$D,Earned!$A:$A,$A2)-SUMIFS(Paid!$C:$C,Paid!$A:$A,$A2))
```

వాపసులు ఎక్కువై తేడా మైనస్‌లోకి వెళ్తే ఆ నెల సున్నా వస్తుంది. ఆ బాకీని ఎక్కడా రాయక్కర్లేదు, ఇచ్చింది ఇవ్వాల్సినదానికంటే ఎక్కువగా ఉండిపోతుంది కాబట్టి పై నెల దానంతటదే సర్దుకుంటుంది.

ఏప్రిల్ మొదటి వారం, ప్రయోగం

మార్చి అమ్మకాలను కొత్త షీటులో నడిపాను. చెల్లింపులు పాత తీరులోనే జరిగాయి, ఇది పోల్చి చూసుకోవడానికి మాత్రమే. F07 దగ్గర 1,640 రావాలి: మార్చికి 2,300, అందులోంచి ఫిబ్రవరి వాపసుకు 660. షీటులో సున్నా చూపిస్తోంది.

కారణం తెలిశాక చేతులు చల్లబడ్డాయి. Earned లో ఫిబ్రవరి కొత్త పద్ధతిలో 6,080, మార్చి 2,300, మొత్తం 8,380. Paid లో ఫిబ్రవరికి నిజంగా ఇచ్చిన 10,240. ఇచ్చింది ఎక్కువ కాబట్టి ఈ నెల సున్నా, ఇంకా 1,860 బాకీ. అంటే వెనక్కి తీసుకోం అని కాగితం మీద రాసి, ఆ అన్న జేబులో పెట్టుకున్న మాటను, నా ఫార్ములా ఎవరికీ చెప్పకుండా తప్పింది. పదకొండు చెల్లింపుల వాళ్ళందరికీ ఇదే జరిగేది. ఇది ప్రయోగంలో కాక అసలు చెల్లింపులో బయటపడి ఉంటే నేను ఆయనకు ఏం చెప్పేదాన్ని?

సరిచేయడం కష్టం కాలేదు. ఏప్రిల్‌కు ముందు నెలలకు Paid లో నిజంగా ఇచ్చిన మొత్తం కాకుండా, వాపసులు రాకముందు అదే అమ్మకానికి శ్లాబుల వారీగా ఎంత వచ్చేదో అంత వేశాను. F07 ఫిబ్రవరికి 6,740. ఇప్పుడు 8,380 లోంచి 6,740 తీస్తే 1,640. పాత ఎక్కువ చెల్లింపు లెక్కలోకి రాదు, వాపసు మాత్రం వస్తుంది. ఈ వరుసలకు రంగు వేసి, పక్కన "ప్రారంభ నిల్వ, చెల్లింపు కాదు" అని రాశాను.

మే మొదటి వారం

ఏప్రిల్ అమ్మకాలకు మొదటి అసలు చెల్లింపు. ప్రతి ఒక్కరికీ చీటీ ఇచ్చాను. అందులో మొత్తం మాత్రమే కాదు, ఏ శ్లాబులో ఎంత అమ్మకం పడింది, దానికెంత వచ్చింది, ఏ బిల్లు వాపసు వచ్చింది, అది ఏ నెలది, దానికెంత పోయింది అన్నీ ఉంటాయి. చీటీలో శ్లాబు వరుసలను SUMPRODUCT తో కాకుండా వేరే ఫార్ములాతో వేశాను:

```
=MAX(0,MIN($C2,upper)-lower)*rate
```

ఇక్కడ upper, lower, rate అంటే ఆ శ్లాబు పై హద్దు, కింది హద్దు, రేటు. చివరి శ్లాబుకు పై హద్దుగా ఎప్పటికీ దాటలేని పెద్ద అంకె పెట్టాను. రెండు దారుల్లో వచ్చిన మొత్తాలు కలవకపోతే చీటీ ఎర్రబడుతుంది. పద్నాలుగూ కలిశాయి.

ఇద్దరు ఫోన్ చేశారు. ఒకరు తన వాపసు బిల్లు తనది కాదన్నారు, చూస్తే నిజమే, బిల్లు నంబరులో ఒక అంకె తారుమారై వేరే వాళ్ళ బిల్లు దొరికింది. ఉన్న నంబరే కాబట్టి #N/A కూడా రాలేదు. ఇప్పుడు వాపసు పార్టీ పేరు, అసలు బిల్లు పార్టీ పేరు ఒకటేనా అని చూసే కాలమ్ ఒకటి కలిపాను. ఆ మనిషికి తేడా అదే రోజు ఇచ్చి Paid లో వేశాం.

మే చివర

జులై నుంచి పై శ్లాబు రేటు మారవచ్చని చెప్పారు. Slabs లో ఆ ఒక్క అంకె మార్చి చూశాను, షీటు కాపీలో. ఫిబ్రవరి నుంచి అన్ని నెలలూ కొత్త రేటుకు మళ్ళీ లెక్కపడి, అయిదు లక్షలు దాటిన వాళ్ళకు పాత నెలల తేడా కూడా ఈ నెల చెల్లింపులో వచ్చి పడింది. నేను ఏరి కోరి పెట్టుకున్న "ఎప్పటికప్పుడు మళ్ళీ లెక్కగట్టడం" ఇక్కడ అడ్డం తిరుగుతుంది.

Slabs కు పక్కనే రెండో పట్టిక, అవే హద్దులు, కొత్త తేడాలు. Earned లో నెల అంకె జులైకి ముందుదైతే మొదటి పట్టిక, కాకపోతే రెండోది తీసుకునేలా IF ఒకటి చేర్చాను. జూన్ బిల్లు ఆగస్టులో వాపసు వచ్చినట్టు ఒక దొంగ వరుస వేసి చూస్తే, కోత జూన్ రేటుకే పడింది. ఆ వరుస తీసేసి, మొత్తాలు మళ్ళీ సరిపోయాయో లేదో చూసి, కాపీని అసలు ఫైలుగా పెట్టాను.

ఎన్నాళ్ళ వరకు వాపసును పాత నెలకు తీసుకెళ్ళాలన్నది మాత్రం తేలలేదు. మూడు నెలలని నా ప్రతిపాదన. సోమవారం మేనేజరుతో కూర్చుంటున్నాను, F07 అన్నను కూడా రమ్మన్నాను.